సేఫ్టీ ఫస్ట్ నిష్పత్తి: కనీస రాబడి కంటే కిందికి జారే అవకాశం తక్కువున్న పోర్ట్‌ఫోలియోను పట్టుకోవడం ఎలా? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ నిష్పత్తి దేన్ని కొలుస్తుంది?

మీకు ఏడాదికి ఫలానా శాతం రాబడి తప్పనిసరిగా రావాలి, అంతకు తగ్గితే పని జరగదు అనుకుందాం. ఆ శాతాన్ని ఇక్కడ ‘కనీస రాబడి’ అందాం. ఒక పోర్ట్‌ఫోలియో సగటున ఇస్తుందనుకునే రాబడి ఈ కనీస రాబడికి ఎంత పైన ఉందో చూసి, ఆ తేడాను ఆ పోర్ట్‌ఫోలియో ప్రామాణిక విచలనంతో భాగిస్తే వచ్చేదే సేఫ్టీ ఫస్ట్ నిష్పత్తి.

```
SFR = (E - L) / S
E = అంచనా సగటు రాబడి
L = కనీస రాబడి
S = రాబడి ప్రామాణిక విచలనం
```

ప్రామాణిక విచలనం అంటే రాబడి తన సగటు చుట్టూ ఎంతగా ఊగుతుందో చెప్పే కొలత. కాబట్టి ఈ నిష్పత్తి, సగటుకూ కనీస రాబడికీ మధ్య ఎన్ని ‘ఊపుల’ దూరం ఉందో చెబుతుంది. దూరం ఎక్కువైతే జారిపడే అవకాశం తక్కువ. అందుకే ఏ పోర్ట్‌ఫోలియోకు ఈ అంకె పెద్దదిగా వస్తే దాన్ని ఎంచుకుంటాం.

దీన్ని బ్రిటిష్ ఆర్థికవేత్త ఎ. డి. రాయ్ 1952లో ప్రతిపాదించాడు. హ్యారీ మార్కోవిట్జ్ పోర్ట్‌ఫోలియో సిద్ధాంతం వెలువడింది కూడా ఆ ఏడాదే. పేరు మార్కోవిట్జ్‌కు వచ్చినా, పోర్ట్‌ఫోలియో సిద్ధాంత పితృత్వంలో రాయ్‌కీ సమాన వాటా ఉందని 1999లో మార్కోవిట్జే రాశాడు.

కనీస రాబడి ఎంతో ఎలా తేల్చాలి?

మొత్తం లెక్కలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. చాలామంది ‘ఏదో 5 శాతం అనుకుందాం’ అని గుండ్రటి అంకె వేసేస్తారు. అలా వేసిన అంకెతో చేసిన ఎంపికకు విలువ లేదు. ఎందుకో కింద మూడు పోర్ట్‌ఫోలియోల లెక్కలో కనిపిస్తుంది. కనీస రాబడి మీ అవసరంలోంచి రావాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 50 లక్షల నిధి ఉంది. ఏడాది చివర అందులోంచి 2 లక్షలు ఖర్చుకు తీయాలి, తీశాక కూడా అసలు 50 లక్షలు చెక్కుచెదరకూడదు. అప్పుడు కావాల్సింది 50కి 2, అంటే 4 శాతం.

అదే 2 లక్షలు ఏడాది మొదట్లోనే తీసేస్తే పనిచేసే సొమ్ము 48 లక్షలే. అది 50 కావాలంటే 2ను 48తో భాగించాలి, 4.17 శాతం వస్తుంది. తేడా చిన్నదే. కానీ అసలు విలువ ధరల పెరుగుదలకు కరిగిపోకూడదు అనే షరతు పెట్టి చూడండి. ధరలు 3 శాతం పెరుగుతాయనుకుంటే ఏడాది చివర 51.5 లక్షలు మిగలాలి, పైన 2 లక్షల ఖర్చు. మొత్తం 53.5 లక్షలు. కనీస రాబడి ఒక్కసారిగా 7 శాతానికి ఎక్కింది. ఒకే నిధి, ఒకే ఖర్చు, మారింది షరతు మాత్రమే.

ఇంకో జాగ్రత్త: ఫీజులు, పన్నులు రెండుసార్లు లెక్కలోకి రాకూడదు, అలాగని పూర్తిగా జారిపోకూడదు. వాటిని సగటు రాబడిలోంచి తీసేస్తే కనీస రాబడికి కలపొద్దు. కనీస రాబడికి కలిపితే సగటు జోలికి పోవద్దు.

అంకెలతో ఒకసారి చేసి చూపిస్తారా?

కనీస రాబడి 4 శాతం. ముందు మూడు పోర్ట్‌ఫోలియోలు ఉన్నాయి. క నెమ్మదైనది, గ దూకుడైనది, ఖ మధ్యస్థం. సగటు, విచలనం రెండూ వార్షిక శాతాలు.

| పోర్ట్‌ఫోలియో | సగటు | విచలనం | నిష్పత్తి | 4% కంటే తగ్గే అవకాశం |
|---|---|---|---|---|
| క | 6 | 5 | 0.40 | 34.5% |
| ఖ | 9 | 10 | 0.50 | 30.9% |
| గ | 13 | 20 | 0.45 | 32.6% |

ఖ విషయంలో 9లోంచి 4 తీస్తే 5, దాన్ని 10తో భాగిస్తే 0.50. మూడింటిలో ఇదే పెద్దది కనుక ఎంపిక ఖ. చివరి నిలువు వరుసలోని శాతం నార్మల్ డిస్ట్రిబ్యూషన్ పట్టికలోంచి వస్తుంది. రాబడులు గంట ఆకారపు వక్రరేఖను అనుసరిస్తాయనుకుని, సగటుకు 0.50 విచలనాల కింద ఎంత భాగం పడుతుందో చూస్తే 30.9 శాతం.

విచలనం అన్నిటికంటే తక్కువున్న క ఎందుకు ఓడిపోయిందో గమనించండి. అది పెద్దగా ఊగదు, నిజమే. కానీ దాని సగటు, కనీస రాబడి అనే గీతకు 2 శాతమే పైన నిలబడి ఉంది. గోడ అంచున కూర్చున్నవాడు కొద్దిగా కదిలినా చాలు.

‘అతి తక్కువ అవకాశం’ అంటూనే 31 శాతమా? అది సురక్షితం ఎలా అవుతుంది?

కాదు. పేరులో ‘సేఫ్టీ’ ఉన్నందుకు చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ నిష్పత్తి ఉన్నవాటిలో మెరుగైనదాన్ని చెబుతుంది, అది మీకు సరిపోతుందో లేదో చెప్పదు. ఖ ఎంచుకున్నా పదేళ్లలో దాదాపు మూడేళ్లు కనీస రాబడి అందదు.

ఆ 31 శాతం మీకు మింగుడుపడకపోతే ప్రశ్నను తిరగేయాలి. ‘పదిలో ఒక్కసారికి మించి తప్పకూడదు, అప్పుడు ఎంత కనీస రాబడిని నమ్ముకోవచ్చు?’ అని అడగాలి. 1963లో పరిశోధకుడు కటావోకా పెట్టిన పద్ధతి ఇదే. నార్మల్ పట్టికలో 10 శాతానికి సరిపోయే అంకె 1.28. సగటులోంచి విచలనానికి 1.28 రెట్లు తీసేయండి. క కు 6 – 6.4 = –0.4 శాతం. ఖ కు –3.8. గ కు –12.6. అంటే పదిలో తొమ్మిది సార్లు నిలబడే హామీ కావాలంటే, ఈ మూడింటిలో ఏదీ అసలును కూడా పూర్తిగా కాపాడలేదు. ఆ పరిస్థితిలో మార్చాల్సింది ఖర్చు ప్రణాళికను, పోర్ట్‌ఫోలియోను కాదు.

కనీస రాబడిని కాస్త మార్చితే ఎంపిక మారిపోతుందా?

మారిపోతుంది, అదీ మీరు ఊహించే దిశకు ఎదురుగా. అవే మూడు పోర్ట్‌ఫోలియోలు, కనీస రాబడి 2 శాతం అనుకోండి. క నిష్పత్తి 0.80, ఖ 0.70, గ 0.55. గెలిచేది క. ఇప్పుడు 6 శాతానికి పెంచండి. క సున్నా, ఖ 0.30, గ 0.35. గెలిచేది గ, అంటే అన్నిటికంటే దూకుడైనది.

ఎంపిక చేతులు మారే చోటును కచ్చితంగా కట్టొచ్చు. రెండు నిష్పత్తులనూ సమానం చేసి L విలువ కనుక్కుంటే చాలు. క, ఖ లకు అది 3 శాతం. ఖ, గ లకు 5 శాతం. కాబట్టి ఈ ముగ్గురి పోటీలో 3 లోపు అయితే క, 3 నుంచి 5 దాకా ఖ, 5 దాటితే గ.

జాగ్రత్తపరుడు ‘ఎక్కువ భద్రత కోసం’ కనీస రాబడిని పైకి జరిపితే, ఈ నిష్పత్తి అతణ్ణి ఎక్కువ రిస్క్ వైపు తోస్తుంది. ఇందులో వింతేమీ లేదు. గీతను ఎత్తులో గీసి అక్కడికి తప్పక చేరాలంటే, నెమ్మదిగా నడిచే పోర్ట్‌ఫోలియోకు ఆ అవకాశమే ఉండదు. కనీస రాబడి అంటే ‘వస్తే బాగుండు’ అనుకునే అంకె కాదు, ‘రాకపోతే గండం’ అనే అంకె. ఆశను తెచ్చి గీతగా పెడితే ఫలితం ఇలాగే ఉంటుంది.

ఆచరణలో మేం సూచించేది ఇది: మీ కనీస రాబడికి ఒక శాతం పైనా, ఒక శాతం కిందా పెట్టి మరోసారి లెక్క చేయండి. మూడు సార్లూ ఒకే పోర్ట్‌ఫోలియో గెలిస్తే నిశ్చింత. మన ఉదాహరణలో 4కు అటు ఇటు 3, 5 దగ్గరే ఎంపిక మారుతోంది. అంటే మన నిర్ణయం సరిగ్గా అంచు మీద లేదు గానీ, అంచుకు మరీ దూరంగానూ లేదు. 4.17 అయినా ఖ గెలుస్తుంది, 7 అయితే గ చేతికి పోతుంది.

రిస్క్ లేని డిపాజిట్ కూడా అందుబాటులో ఉంటే?

అన్నిటికంటే ముందు చూడాల్సింది దాన్నే. ఆ డిపాజిట్ ఇచ్చే వడ్డీ మీ కనీస రాబడికి సమానంగానో పైనో ఉంటే ఇక లెక్కే అక్కర్లేదు. విచలనం సున్నా, తప్పే అవకాశమూ సున్నా. సొమ్మంతా అందులో పెట్టడమే ఈ పద్ధతి చెప్పే జవాబు. 3 శాతం డిపాజిట్ ఉందనుకుంటే, పైన 2 శాతం దగ్గర గెలిచిన క గెలుపు ఉత్తదే.

వడ్డీ 3, కనీస రాబడి 4 అయితే కథ వేరు. సగం ఖలో, సగం డిపాజిట్లో పెడితే సగటు 6, విచలనం 5, నిష్పత్తి 0.40. పూర్తిగా ఖలో ఉంటే 0.50. అంటే డిపాజిట్ కలిపితే ఊపు తగ్గింది గానీ జారే అవకాశం పెరిగింది. ఎందుకంటే ఆ సగం సొమ్ము ఏటా కచ్చితంగా 1 శాతం వెనకబడుతోంది, ఆ లోటును కూడా మిగతా సగమే పూడ్చాలి.

కనీస రాబడి సరిగ్గా రిస్క్ లేని వడ్డీకి సమానంగా పెడితే ఈ సూత్రం, విలియం షార్ప్ 1966లో ఇచ్చిన షార్ప్ నిష్పత్తిగా మారిపోతుంది. పోలిక అంతవరకే. షార్ప్ నిష్పత్తిలో గీతను మార్కెట్ నిర్ణయిస్తుంది, ఇక్కడ మీ అవసరం నిర్ణయిస్తుంది. అందుకే ఫండ్ వివరాల్లో అచ్చయ్యే షార్ప్ అంకెను తెచ్చి ఇక్కడ వాడితే కుదరదు.

నిష్పత్తి మైనస్‌లో వస్తే?

ఆగిపోండి. సగటే గీత కింద ఉందని అర్థం. కనీస రాబడి 14 పెట్టి చూడండి: క –1.6, ఖ –0.5, గ –0.05. పెద్ద అంకె కావాలి కనుక సూత్రం గ ను చూపిస్తుంది. లెక్కగా అది తప్పు కాదు, సగటు అందనప్పుడు ఎక్కువగా ఊగేదానికే గీత దాటే అవకాశం ఎక్కువ. కానీ అది జూదగాడి తర్కం.

ఉన్న మూడింటిలోంచే ఎంచుకోవాలా, కలిపితే?

కలిపితే తరచూ ఇంకా మంచిది దొరుకుతుంది. క లో 75 శాతం, గ లో 25 శాతం పెడదాం. సగటు 4.5 + 3.25 = 7.75. విచలనాన్ని మాత్రం ఇలా నేరుగా కలపకూడదు, రెండూ ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే సహసంబంధం కావాలి. అది 0.2 అనుకుందాం.

```
S^2 = (0.75*5)^2 + (0.25*20)^2 + 2*0.2*(0.75*5)*(0.25*20)
    = 14.06 + 25 + 7.5 = 46.56
S   = 6.82
SFR = (7.75 - 4) / 6.82 = 0.55
```

విడివిడిగా 0.40, 0.45 ఉన్న రెండూ కలిసి ఖ కున్న 0.50ను దాటాయి. జారే అవకాశం 29.1 శాతానికి దిగింది. రెండూ ఒకేసారి పడిపోకపోవడం వల్ల వచ్చిన లాభమిది.

ఆ ‘ఒకేసారి పడిపోకపోవడం’ మీదే అంతా ఆధారపడి ఉందని మరిచిపోవద్దు. మార్కెట్లు కూలే రోజుల్లో, మామూలుగా పొంతన లేని ఆస్తులు కూడా కలిసి పడుతుంటాయి. సహసంబంధం 0.8 వేసి మళ్లీ కట్టండి. విచలనం 8.31, నిష్పత్తి 0.45, జారే అవకాశం 32.6 శాతం. ఇప్పుడు ఖ మళ్లీ ముందుకొచ్చింది. 0.55కూ 0.50కూ మధ్యనున్న ఆధిక్యం ఒకే ఒక్క అంచనా అంకె మీద నిలబడి ఉందన్నమాట.

నెలవారీ రాబడులతో లెక్క చేయొచ్చా?

చేయొచ్చు, మూడూ నెలవారీ అంకెలే అయితే. ఖ కు నెల సగటు 0.75, కనీస రాబడి 0.33, విచలనం 2.89 (పన్నెండుతో కాదు, పన్నెండు వర్గమూలంతో భాగించాలి). నిష్పత్తి 0.144 వస్తుంది. దాన్ని 12 వర్గమూలంతో, అంటే 3.46తో గుణిస్తే మళ్లీ 0.50.

మేం ఎక్కువగా చూసే తప్పు ఇదే: సగటు, కనీస రాబడి వార్షికంగా తీసుకుని, విచలనం మాత్రం నెలవారీ షీట్‌లోంచి అలాగే లాగేస్తారు. అప్పుడు 5ను 2.89తో భాగిస్తే నిష్పత్తి 1.73, జారే అవకాశం 4 శాతం. 31 శాతం ఉన్న గండం కాస్తా 4గా కనిపిస్తుంది. మామూలు షేర్ల పోర్ట్‌ఫోలియోకు ఏడాది లెక్కలో నిష్పత్తి 1.5 దాటిందంటే సంతోషించకండి, ముందు విచలనం గడి తెరిచి చూడండి.

కాలాన్ని పెంచితే నిష్పత్తి కూడా ఇదే వర్గమూలం చొప్పున పెరుగుతుంది. ఖ ను నాలుగేళ్లు ఉంచితే 0.50 కాస్తా 1.0 అవుతుంది, జారే అవకాశం 15.9 శాతం. దీన్ని చూసి ‘కాలం గడిస్తే రిస్క్ పోతుంది’ అనేస్తారు. చక్రవడ్డీ పక్కనపెట్టి చూసినా, నూటికి ఒక్కసారి వచ్చే చెడు ఫలితం ఏడాదికి గీత కంటే సుమారు 18 శాతం కింద ఉంటే, నాలుగేళ్లకు సుమారు 26.5 శాతం కింద ఉంటుంది. తప్పే అవకాశం తగ్గింది, తప్పినప్పుడు లోతు పెరిగింది. ఈ నిష్పత్తి మొదటిదాన్నే చూస్తుంది.

రాబడులు గంట ఆకారంలో లేకపోతే?

నిష్పత్తి పోర్ట్‌ఫోలియోలను పెట్టే క్రమం, అది ఇచ్చే శాతం – ఈ రెండింటినీ విడిగా చూడాలి. రాయ్ తన వాదాన్ని నార్మల్ వక్రరేఖ మీద కట్టలేదు, చెబిషెవ్ అసమానత మీద కట్టాడు. దాని ప్రకారం పంపిణీ ఏ ఆకారంలో ఉన్నా జారే అవకాశం 1/SFR² ను మించదు. నిష్పత్తి 2 అయితే గరిష్ఠంగా 25 శాతం, అదే నార్మల్ పట్టిక 2.3 శాతం అంటుంది. నిష్పత్తి 1 లోపు ఉంటే చెబిషెవ్ హద్దు నూటికి నూరు దాటిపోతుంది, అంటే ఏమీ చెప్పనట్టే. మన మూడు పోర్ట్‌ఫోలియోలూ ఆ కోవలోనివే. కాబట్టి పై శాతాలన్నీ నార్మల్ అనే ఊహ మీదే నిలిచాయి.

ఆ ఊహ ఎక్కడ ఘోరంగా దెబ్బతింటుందో చూడండి. ఆప్షన్లు అమ్మి ప్రీమియం దండుకునే పోర్ట్‌ఫోలియో ఒకటుందనుకుందాం. నూటికి 96 సార్లు 8.82 శాతం ఇస్తుంది, 4 సార్లు 11.6 శాతం పోగొడుతుంది. దీని సగటు 8, విచలనం 4, నిష్పత్తి 1.0. పై అన్నిటినీ చిత్తుగా ఓడిస్తుంది. గీత కిందికి జారే అవకాశం నిజంగానే 4 శాతం, నార్మల్ చెప్పే 15.9 కంటే కూడా తక్కువ. కానీ ఆ 11.6 శాతం నష్టం సగటుకు 4.9 విచలనాల కింద ఉంది. నార్మల్ లెక్కలో అలాంటిది కోటికి అయిదుసార్ల విషయం, ఇక్కడ పాతికేళ్లకోసారి. 3.9 శాతం వచ్చినా, 11.6 శాతం పోయినా ఈ నిష్పత్తికి రెండూ ఒకే ‘తప్పు’. అందుకే ఇలాంటి వాటికి, తప్పినప్పుడు సగటున ఎంత లోటు పడుతుందో పక్కన మరో వరుసలో కట్టుకోవాలి.

ఎన్నేళ్ల డేటా ఉంటే నమ్మొచ్చు?

నిరుత్సాహపరిచే జవాబే. పదేళ్ల డేటాతో ఖ సగటు 9 అని తేల్చారనుకోండి. ఆ సగటు అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే ప్రామాణిక దోషం, 10ని పది వర్గమూలంతో భాగిస్తే, 3.16 శాతం. నెలవారీ డేటా తీసుకుని 120 అంకెలు పెట్టినా సగటు విషయంలో ఇది మెరుగుపడదు, విచలనం అంచనా మాత్రమే మెరుగవుతుంది. అసలు సగటు 5.84 నుంచి 12.16 దాకా ఎక్కడైనా ఉండడం మామూలే. ఆ రెండు కొసల దగ్గర నిష్పత్తి 0.18, 0.82. జారే అవకాశం 43 శాతం, 21 శాతం.

కాబట్టి 0.50కూ 0.45కూ మధ్య తేడాను పట్టుకుని ఖ, గ లలో ఒకటి మెరుగని తీర్పు చెప్పడం డేటా ఇవ్వలేని కచ్చితత్వాన్ని దానికి అంటగట్టడమే. అంత దగ్గరగా ఉన్నప్పుడు ఫీజు తక్కువున్నదాన్ని ఎంచుకోండి. ఫీజు అంచనా కాదు, తెలిసిన అంకె. ఖ మీద 0.8 శాతం ఫీజు పడితే దాని నిష్పత్తి 0.42కు పడిపోతుంది. ఫీజు లేని గ కంటే తక్కువ.

ఇంకొకటి: బజారులో రోజూ ధర పలకని ఆస్తులు, అంటే మదింపుదారు అప్పుడప్పుడూ వచ్చి విలువ కట్టే భవనాల్లాంటివి, కాగితం మీద ఊగవు. వాటి విచలనం చిన్నగా వస్తుంది, నిష్పత్తి పెద్దగా వస్తుంది. ఆ స్థిరత్వం ఆస్తిది కాదు, మదింపుది.

స్ప్రెడ్‌షీట్‌లో ఎలా పెట్టాలి?

A నిలువు వరుసలో పేర్లు, B లో సగటు, C లో విచలనం, కనీస రాబడి ఒక్క గడిలో, F1 అనుకుందాం. సగటు, విచలనం, కనీస రాబడి మూడూ శాతాలుగానో, మూడూ దశాంశాలుగానో ఉండాలి.

```
D2: =(B2-$F$1)/C2
E2: =NORM.S.DIST(-D2,TRUE)
```

E2 లో మైనస్ గుర్తు మరిస్తే జారే అవకాశానికి బదులు జారని అవకాశం వస్తుంది, ఖ కు 30.9 ఉండాల్సిన చోట 69.1 కనిపిస్తుంది. F1 చుట్టూ డాలర్ గుర్తులు లేకపోతే సూత్రాన్ని కిందికి లాగినప్పుడు కనీస రాబడి ఖాళీ గడిలోకి జారి సున్నా అయిపోతుంది. మొదటి వరుసలో జవాబు సరిగ్గా ఉండి, రెండో వరుస నుంచి నిష్పత్తులు అనుమానంగా పెద్దవైతే కారణం అదే. రాబడుల జాబితా నుంచి విచలనం తీసేటప్పుడు `STDEV.S` వాడండి, `STDEV.P` కాదు. పదేళ్ల వార్షిక అంకెలు మాత్రమే ఉన్నప్పుడు రెండోది విచలనాన్ని దాదాపు 5 శాతం తక్కువ చేసి చూపిస్తుంది.